విజయవాడ నుంచి గుంటూరు దాకా ఒకే ఓపెన్ వరల్డ్: వణికే వర్టెక్సులకు ఏ పద్ధతి ఎంచుకోవాలి?

ప్రకాశం బ్యారేజీని సున్నా పాయింటుగా పెట్టుకుని, విజయవాడ నుంచి గుంటూరు దాకా నడిచే ఒక బైక్ గేమ్ కడుతున్నారనుకుందాం. ఫస్ట్ పర్సన్ కెమెరా, అంటే కళ్ల ముందు హ్యాండిల్, స్పీడోమీటర్ కనిపిస్తుంటాయి. తాడేపల్లి దాటేవరకు ఏ ఇబ్బందీ ఉండదు. మంగళగిరి దాటాక ఏదో తేడాగా అనిపిస్తుంది. గుంటూరులోకి వచ్చేసరికి హ్యాండిల్ అంచులు సన్నగా వణకడం మొదలుపెడతాయి. రోడ్డు పక్కన బిల్డింగులు మాత్రం నిలకడగానే ఉంటాయి. కళ్లకు బాగా దగ్గరగా ఉన్నవే వణుకుతాయి.

ఈ సమస్య చెప్పగానే ఎవరైనా ఇచ్చే సలహా "ఫ్లోటింగ్ ఒరిజిన్ పెట్టెయ్" అని. ఆ ఒక్క పేరు కింద జనం కనీసం మూడు వేర్వేరు పద్ధతుల గురించి మాట్లాడుతున్నారు. కెమెరాకు సాపేక్షంగా గీయడం ఒకటి. ప్రపంచాన్నే వెనక్కి జరపడం రెండోది. పొజిషన్లను డబుల్‌లో, అంటే 64 బిట్ల అంకెల్లో, దాచుకోవడం మూడోది. మూడూ ఒకే జబ్బుకు మందులు కావు. ఏది తీసుకోవాలో తేలాలంటే మీ గేమ్‌లో అంకెలు ఏ మెట్టు దగ్గర అరిగిపోతున్నాయో ముందు చూడాలి.

గుంటూరులో ఎంత అరుగుతుంది?

32 బిట్ల ఫ్లోట్‌లో అంకెను దాచడానికి దక్కేది 24 బిట్లే. అది ఒక కొలత టేపు లాంటిది. సున్నా దగ్గర గీతలు చాలా ఒత్తుగా ఉంటాయి, దూరం రెట్టింపైన ప్రతిసారీ గీతల మధ్య ఖాళీ కూడా రెట్టింపవుతుంది. యూనిట్ మీటరైతే, 1 నుంచి 2 కిలోమీటర్ల మధ్య ఆ ఖాళీ దాదాపు 0.12 మిల్లీమీటర్లు. 8 నుంచి 16 కిలోమీటర్ల మధ్య సుమారు 1 మిల్లీమీటరు. 16 నుంచి 32 మధ్య సుమారు 2 మిల్లీమీటర్లు. ఇది ఒక్కో అక్షానికి విడివిడిగా వర్తిస్తుంది, నేరు దూరానికి కాదు. బ్యారేజీ నుంచి గుంటూరు దక్షిణానికి సుమారు 22 కిలోమీటర్లు, పడమరకు సుమారు 18. అంటే రెండు అక్షాలూ 2 మిల్లీమీటర్ల మెట్టులోనే పడతాయి.

రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. అది స్క్రీన్ మీద ఎంతవుతుందో లెక్క వేద్దాం. 1080 పిక్సెళ్ల ఎత్తు, నిలువు ఫీల్డ్ ఆఫ్ వ్యూ 60 డిగ్రీలు అనుకోండి. కెమెరాకు అర మీటరు దూరంలో స్క్రీన్ ఎత్తంతా కలిపి 58 సెంటీమీటర్ల లోకాన్ని చూపిస్తుంది. అంటే అక్కడ ఒక్కో మిల్లీమీటరుకు దాదాపు రెండు పిక్సెళ్లు. 2 మిల్లీమీటర్ల తేడా అంటే నాలుగు పిక్సెళ్ల గెంతు. అదే తేడా పది మీటర్ల దూరంలో ఉన్న గోడ మీద పిక్సెల్‌లో ఐదో వంతు కూడా ఉండదు. హ్యాండిల్ వణికి బిల్డింగు వణకకపోవడానికి కారణం ఇదే.

వణుకు ఫ్లోట్ వల్లే వస్తోందని ముందు నిర్ధారించుకోవాలి. ఒకదానిపై ఒకటి అతుక్కుని ఉన్న రెండు పలకలు మినుకుమినుకుమంటే అది డెప్త్ బఫర్ గొడవ కావచ్చు, అది సున్నా దగ్గరా వస్తుంది. అదే సీన్‌ను, అదే బైక్‌ను, ఉన్నదున్నట్టు సున్నాకు తెచ్చి చూడండి. వణుకు పోతే ఫ్లోట్ సమస్య. పోకపోతే ఈ వ్యాసంలో ఉన్నవేవీ దానికి పనికిరావు.

మ్యాప్ డేటాను ముందే పాడుచేసుకోకండి

మన ఊళ్ల రోడ్లను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తెచ్చుకునేవాళ్లు తరచూ యూటీఎం కొలతల్లోకి మారుస్తారు. మన ప్రాంతం 44వ ఉత్తర జోన్‌లో ఉంటుంది. అక్కడ విజయవాడ నార్తింగ్, అంటే భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికి కొలత, సుమారు 18 లక్షల 25 వేల మీటర్లు. ఆ అంకెను ఫ్లోట్‌లో పెడితే టేపు గీతల మధ్య ఖాళీ ఏకంగా 12.5 సెంటీమీటర్లు! ఆ కొలతలతోనే మెష్ ఎక్స్‌పోర్ట్ చేస్తే ఫుట్‌పాత్ అంచులు, డివైడర్లు మెట్లుమెట్లుగా విరిగిపోతాయి. ఇవి వణకవు, వంకరగా గడ్డకట్టుకుపోతాయి. ఫైల్లో పోయిన బిట్లను ఏ ఒరిజిన్ షిఫ్టూ తిరిగి తేలేదు. మెష్‌గా మారకముందే, అంకె ఇంకా డబుల్‌లో ఉండగానే తీసివేత చేసెయ్యాలి. పైథాన్‌లో మామూలు అంకె డబులే కాబట్టి రెండు వరుసలు చాలు:

```python
x = easting - 458000.0
y = northing - 1825000.0
```

అంతటితో ఆగకుండా, ప్రపంచాన్ని కిలోమీటరు పలకలుగా కోసి, ఒక్కో పలక మెష్‌ను దాని సొంత మూల నుంచి కొలిచి దాచుకోవడం మంచిది. కింద చెప్పే పద్ధతులన్నీ మెష్ లోపలి అంకెలు చిన్నవేనన్న నమ్మకం మీద నడుస్తాయి.

మూడు పరీక్షలు

పద్ధతులను పోల్చడానికి నేను మూడు సందర్భాలు పెట్టుకుంటాను. మొదటిది పైన చెప్పిన హ్యాండిల్.

రెండోది గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ ముందున్న స్లైడింగ్ గేటు. సెకనుకు 5 సెంటీమీటర్ల వేగంతో నెమ్మదిగా తెరుచుకోవాలి. 60 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేముకు 0.83 మిల్లీమీటర్లు కలపాలి. గుంటూరులో టేపు గీతల మధ్య ఖాళీ 1.95 మిల్లీమీటర్లు, దాంట్లో సగం 0.98. మనం కలిపేది ఆ సగానికంటే తక్కువ కాబట్టి కూడిక ఫలితం ప్రతిసారీ పాత గీత మీదికే వచ్చి ఆగుతుంది. గేటు కదలనే కదలదు. టెస్ట్ సీన్‌లో చక్కగా తెరుచుకున్న గేటు అసలు మ్యాప్‌లో మొరాయిస్తే స్క్రిప్టులో తప్పు వెతుక్కుంటూ రోజంతా పోగొట్టుకుంటారు. గేటును ఒక పేరెంట్ కింద పెట్టి లోకల్ పొజిషన్‌కు కలిపితే మాత్రం కదులుతుంది, ఎందుకంటే అక్కడ అంకె చిన్నది. లోకల్‌లో కదిలి వరల్డ్‌లో కదలకపోవడమే ఈ జబ్బుకు గుర్తు.

మూడోది మల్టీప్లేయర్. ఒకరు బెంజ్ సర్కిల్ దగ్గర, ఇంకొకరు గుంటూరు బ్రాడీపేటలో, ఇద్దరూ ఒకే సర్వర్‌లో.

కెమెరాకు సాపేక్షంగా గీయడం

ఇందులో వస్తువుల పొజిషన్లు ఎక్కడివక్కడే ఉంటాయి. జీపీయూ గీసేముందు ప్రతి వస్తువు పొజిషన్ నుంచి కెమెరా పొజిషన్ తీసేస్తారు. యూనిటీ హెచ్‌డీఆర్‌పీలో ఇది మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. అందుకే "మాది హెచ్‌డీఆర్‌పీ, మాకు ఈ బాధ లేదు" అనుకునేవాళ్లు ఎక్కువ.

దాంతో ఎంత మేలు జరుగుతుందో హ్యాండిల్ మీద చూద్దాం. మామూలు పద్ధతిలో షేడర్ ప్రతి వర్టెక్స్‌ను వరల్డ్ పొజిషన్‌లోకి తెస్తుంది. 22 కిలోమీటర్ల దగ్గర ఒక్కో వర్టెక్స్ తనకు దగ్గర్లో ఉన్న గీత మీదికి విడివిడిగా జారుతుంది. పక్కపక్క వర్టెక్సులు వేర్వేరు వైపులకు జారితే మెష్ ముడతలు పడి నలిగినట్టు కనిపిస్తుంది. కెమెరాను ముందే తీసేస్తే వర్టెక్సుల లెక్కంతా చిన్న అంకెల్లోనే జరుగుతుంది కాబట్టి ఆ ముడతలు పోతాయి.

కానీ యూనిటీలో ట్రాన్స్‌ఫార్మ్ ఫ్లోట్. బైక్ పొజిషన్, కెమెరా పొజిషన్ రెండూ అప్పటికే 2 మిల్లీమీటర్ల గీతల మీదికి జారిపోయి ఉంటాయి. జారిన రెండు అంకెల తేడా తీస్తే జారుడు అందులోనే మిగిలిపోతుంది. ఫలితంగా హ్యాండిల్ నలగదు, కానీ మొత్తంగా ఒక ముక్కలా అటూ ఇటూ గెంతుతుంది. మీ గేమ్‌లో మెష్ నలుగుతోందా, లేక వస్తువు మొత్తం గెంతుతోందా అని దగ్గరికి వెళ్లి చూడండి. నలుగుతుంటే షేడర్ మెట్టులో నష్టం, గెంతుతుంటే పొజిషన్ దాచిన చోటే నష్టం.

గేటు పరీక్షలో ఈ పద్ధతి పూర్తిగా ఫెయిల్. కూడిక సీపీయూలో వరల్డ్ అంకెల మీద జరుగుతోంది, గీసే పద్ధతికి దాంతో సంబంధం లేదు. కాబట్టి ఒంటరిగా దీన్ని నమ్ముకోవడం నాకు నచ్చదు. పొజిషన్లను డబుల్‌లో దాచి, తీసివేత కూడా డబుల్‌లో చేసి, ఆ చిన్న ఫలితాన్ని ఫ్లోట్‌గా జీపీయూకు పంపే సొంత ఇంజిన్ ఉంటే మాత్రం ఇదే అన్నింటికంటే శుభ్రమైన దారి. బొమ్మ మాత్రమే కావాలి, ఫిజిక్స్ అక్కర్లేదు అనే మ్యాప్ వ్యూయర్‌కు ఇంతకు మించి అవసరమే రాదు.

ప్రపంచాన్ని వెనక్కి జరపడం

అసలు ఫ్లోటింగ్ ఒరిజిన్ అంటే ఇదే. ఆటగాడు సున్నా నుంచి కొంత దూరం వెళ్లగానే అతనితో సహా లోకాన్నంతా అంతే దూరం వెనక్కి జరుపుతాం. అతను మళ్లీ సున్నా దగ్గరికి వస్తాడు. మొత్తం ఎంత జరిపామో డబుల్‌లో గుర్తుపెట్టుకుంటాం.

```csharp
const float Step = 1024f, Limit = 2048f;

void LateUpdate() {
    Vector3 p = player.position;
    if (Mathf.Abs(p.x) < Limit && Mathf.Abs(p.z) < Limit) return;
    var shift = new Vector3(Mathf.Round(p.x / Step) * Step, 0f,
                            Mathf.Round(p.z / Step) * Step);
    foreach (Transform t in roots) t.position -= shift;
    originX += shift.x;   // double
    originZ += shift.z;   // double
    Physics.SyncTransforms();
}
```

2048 మీటర్ల లోపల గీతల ఖాళీ ఎప్పుడూ 0.12 మిల్లీమీటర్లకు మించదు. హ్యాండిల్ దగ్గర అది పావు పిక్సెల్. గేటు కూడా కదులుతుంది, ఎందుకంటే 0.83 మిల్లీమీటర్లు ఇప్పుడు దాదాపు ఏడు గీతలంత. షిఫ్ట్ అయ్యాక ఆటగాడు ఏ అక్షం మీదైనా 512 మీటర్లలోపే ఉంటాడు. మళ్లీ షిఫ్ట్ జరగాలంటే కనీసం ఒకటిన్నర కిలోమీటర్లు వెళ్లాలి కాబట్టి హద్దు దగ్గర ముందుకూ వెనక్కూ ఊగులాట ఉండదు. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వెళ్లినా షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య దాదాపు నిమిషం దొరుకుతుంది.

ఆటగాడి పొజిషన్ ఎంత ఉంటే అంత జరపకుండా 1024 గుణిజాల్లోనే ఎందుకు జరపాలి? మొదటి కారణం, వరల్డ్ పొజిషన్ మీద ఆధారపడే షేడర్లు. నాలుగు మీటర్లకోసారి తిరిగొచ్చే టెక్స్చర్‌ను వరల్డ్ కొలతలతో పరిచి ఉంటే, 1024 మీటర్లు జరిపినా టెక్స్చర్ సరిగ్గా పాత చోటే పడుతుంది. మూడు మీటర్లదైతే 1024ను సమంగా భాగించదు, షిఫ్ట్ జరిగిన క్షణంలో నేల మీద గడ్డి ఒక్కసారి పక్కకు గెంతుతుంది. కృష్ణా నీళ్ల అలలకు నాయిస్ వాడితే అది తిరిగొచ్చేది కాదు, దానికి మొత్తం షిఫ్టును షేడర్‌కు విడిగా పంపాలి. రెండో కారణం, అన్ని మెషీన్లలో, అన్ని సేవ్ ఫైళ్లలో ఒరిజిన్ ఎప్పుడూ ఒకే గళ్ల మీద ఉంటుంది. డీబగ్ చేసేటప్పుడు అది ఎంత సుఖమో ఒకసారి వాడితే తెలుస్తుంది.

ఈ పద్ధతిలో అసలు కష్టం ఆ `roots` జాబితాలో ఉండని వాటితో వస్తుంది. వరల్డ్ స్పేస్‌లో నడిచే పార్టికల్స్ జరగవు, సైలెన్సర్ పొగ రెండు కిలోమీటర్ల దూరంలో ఉండిపోతుంది. ట్రెయిల్ రెండరర్ పాత బిందువును కొత్త బిందువుతో కలిపి తెర అడ్డంగా ఒక గీత లాగుతుంది. నావ్‌మెష్ ట్రాన్స్‌ఫార్మ్‌తో పాటు కదలదు, తీసేసి కొత్త పొజిషన్‌లో మళ్లీ చేర్చాలి. స్టాటిక్ బ్యాచింగ్ చేసిన వస్తువులను అసలు కదపకూడదు. మోషన్ బ్లర్, టెంపోరల్ యాంటీ ఏలియాసింగ్ లాంటివి గత ఫ్రేము మ్యాట్రిక్సులను గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి ఆ ఒక్క ఫ్రేములో లోకం రెండు కిలోమీటర్లు పరుగెత్తిందనుకుని బొమ్మను పులిమేస్తాయి. ఆ ఫ్రేముకు హిస్టరీ తుడిచెయ్యాలి. ఇంటర్‌పొలేషన్ పెట్టిన రిజిడ్‌బాడీలను `transform` ద్వారా కాక `Rigidbody.position` ద్వారా జరపాలి, లేకపోతే షిఫ్ట్ దగ్గర చిన్న కుదుపు తగులుతుంది.

వీటిలో ఏదో ఒకటి మరిచిపోతే తెలుసుకోవడం ఎలా? `Limit`ను 2048 నుంచి 1024కు, `Step`ను 16కు తగ్గించి, ఒక కీ నొక్కితే బలవంతంగా 16 మీటర్ల షిఫ్ట్ జరిగేలా పెట్టుకోండి. బైక్ ఆపి, తెర మీద కళ్లు నిలిపి, ఆ కీ పదేపదే నొక్కండి. అన్నీ సరిగ్గా ఉంటే తెర మీద ఏమీ మారకూడదు. ఏదైనా గెంతితే అదే జాబితాలో లేనిది. రెండు కిలోమీటర్ల షిఫ్టులో వస్తువు కనుచూపు నుంచే మాయమవుతుంది, 16 మీటర్లలో ఎటు వెళ్లిందో కళ్లకు కనిపిస్తుంది.

డబుల్ బిల్డ్

గోడోలో జీడీస్క్రిప్ట్ `float` ముందునుంచీ 64 బిట్లే, కానీ `Vector3` మాత్రం మామూలు బిల్డ్‌లో 32. చాలామంది ఇక్కడే పొరబడతారు. వెక్టర్లు కూడా డబుల్ కావాలంటే ఇంజిన్‌ను మనమే కంపైల్ చేసుకోవాలి:

```
scons platform=windows target=editor precision=double
```

ఎడిటర్ ఒక్కటే సరిపోదు, ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్లు కూడా అదే ఆప్షన్‌తో కట్టాలి. వాడుకునే జీడీఎక్స్‌టెన్షన్ ప్లగిన్లు కూడా డబుల్‌కే కంపైల్ అయి ఉండాలి, బయట రెడీమేడ్‌గా దొరికేవి సాధారణంగా పనికిరావు. ఇంత శ్రమకు దక్కేది ఏమిటంటే గేటు కదులుతుంది, హ్యాండిల్ నిలబడుతుంది, జాబితాలు రాసుకునే పనే ఉండదు. జీపీయూలో అంకెలు ఫ్లోట్లే అయినా, గోడో మోడల్, కెమెరా మ్యాట్రిక్సులను కలిపే చోట అదనపు బిట్లను వెంటబెట్టుకుని లెక్క చేస్తుంది. మీ షేడర్ `world_vertex_coords` వాడితే, లేదా వరల్డ్ ట్రైప్లానర్ వాడితే మాత్రం ఆ రక్షణ దక్కదు. గుంటూరులో గోడ మీద ట్రైప్లానర్ టెక్స్చర్ మసకగా వణుకుతుంటే మొదట చూడాల్సింది అదే.

అన్‌రియల్‌లో 2022లో వచ్చిన 5.0 నుంచి పొజిషన్లు డబుల్. అంతకుముందు నాలుగో వెర్షన్‌లో ప్రపంచం మొత్తం వెడల్పు సుమారు 21 కిలోమీటర్లే, అంటే మధ్య నుంచి పదిన్నర. బ్యారేజీ మధ్యలో ఉంటే గుంటూరు మ్యాప్‌లోకే రాదు. ఇప్పుడు ఆ బాధ లేదు. కొత్తగా అన్‌రియల్‌లో మొదలుపెట్టేవాళ్లు ముప్పై కిలోమీటర్ల మ్యాప్ కోసం ఒరిజిన్ షిఫ్ట్ రాసుకోనక్కర్లేదు. మెటీరియల్స్‌లో వరల్డ్ పొజిషన్ లెక్కలు కెమెరాకు సాపేక్షంగా రాస్తున్నారా లేదా అన్నది చూసుకుంటే చాలు.

మూడో పరీక్ష దగ్గర దారులు చీలిపోతాయి

సర్వర్‌కు బెంజ్ సర్కిల్ బైక్, బ్రాడీపేట బైక్ రెండూ ముఖ్యమే. ఒరిజిన్ ఒకటే. దాన్ని ఏ ఊళ్లో పెట్టినా రెండో ఊరు దూరమే. అందుకని ఒరిజిన్ షిఫ్ట్ సర్వర్ మీద పనిచెయ్యదు. అక్కడ డబుల్ ఉండాలి, లేదా ప్రాంతానికొక ఫిజిక్స్ సీన్ పెట్టి ఒక్కోదానికి సొంత ఒరిజిన్ ఇవ్వాలి. రెండో దారిలో ఇద్దరు ఆటగాళ్లు కాజా దగ్గర ఎదురుపడ్డప్పుడు రెండు సీన్లనూ కలపాలి, మధ్యలో ఒక లారీ ఉంటే అది ఎవరి సీన్‌లోదో తేల్చాలి. చిన్న టీమ్‌కు అది మొయ్యలేని బరువు. అలాంటి గేమ్ అయితే మొదటి రోజే డబుల్ ఉన్న ఇంజిన్ ఎంచుకోమనే చెబుతాను.

ఒంటరి ఆటగాడి గేమ్, యూనిటీ, అప్పటికే సగం పని అయిపోయింది అంటే ఒరిజిన్ షిఫ్టే సరైనది. ఇంజిన్ మార్చుకునే ఖర్చుతో పోలిస్తే పార్టికల్స్, నావ్‌మెష్ సరిచేసుకోవడం వారం పదిరోజుల పని. గోడోలో మొదలుపెడుతూ, కంపైల్ చేసుకోవడం వచ్చినవాళ్లు ఒకరు టీమ్‌లో ఉంటే డబుల్ బిల్డ్. వాళ్లు లేకపోతే ప్రతి కొత్త వెర్షన్‌కూ టెన్షనే, అప్పుడు గోడోలో కూడా షిఫ్టే నయం. ఇక మ్యాప్ మొత్తం నాలుగైదు కిలోమీటర్లదే అయితే ఒరిజిన్‌ను మధ్యలో పెట్టండి, ఇంకేమీ చెయ్యకండి. ఒక్కో వైపుకు రెండున్నర కిలోమీటర్లలోపే ఉంటారు, పావు మిల్లీమీటరు ఎవరి కంటికీ ఆనదు.

మధ్యరకం ఒకటుంది, దాన్ని జనం పట్టించుకోరు. ఇద్దరు స్నేహితులు కలిసి ఆడే గేమ్, ఇద్దరూ ఒకరికొకరు కిలోమీటరు దాటి వెళ్లకూడదన్న రూల్ ఉంది. అప్పుడు ఒకే ఒరిజిన్ ఇద్దరికీ సరిపోతుంది, షిఫ్ట్ ఎప్పుడు జరగాలో హోస్ట్ నిర్ణయిస్తుంది. ఇందులో మోసం చేసేది నెట్‌వర్క్ ఆలస్యం. హోస్ట్ షిఫ్ట్ చేసేసింది, పాత ఒరిజిన్‌తో పంపిన ప్యాకెట్ ఇంకా దారిలో ఉంది. అది వచ్చి చేరగానే స్నేహితుడి బైక్ సరిగ్గా 2048 మీటర్ల దూరంలో ఒక్క క్షణం ప్రత్యక్షమై మళ్లీ వెనక్కి వస్తుంది. తేడా ఖచ్చితంగా 1024 గుణిజంలో ఉందంటే అనుమానమే అక్కర్లేదు, ఒరిజిన్లు కలవలేదన్నమాట. దీనికి ప్రతి పొజిషన్ ప్యాకెట్‌లో ఏ గడిని ఒరిజిన్‌గా తీసుకున్నారో రెండు చిన్న పూర్ణాంకాలుగా పంపాలి, అందుకున్నవాళ్లు తమ గడితో తేడా తీసి 1024తో గుణించి కలుపుకోవాలి. రెండు 16 బిట్ల అంకెలు, అంటే ప్యాకెట్‌కు అదనంగా నాలుగు బైట్లు.